నానో కేసుకి స్వాటా, ఫైవ్ ఫోర్సెసా?

టాటా నానో కేస్ స్టడీ అనగానే చాలామంది బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు రాసే స్వాట్ తీసుకుంటారు, నాలుగు గళ్ళు నింపడం ఈజీ కదా, కానీ లక్ష రూపాయల ధర బలం గడిలోకి, చవక కారు అనే ముద్ర బలహీనత గడిలోకి వెళ్ళిపోతాయి, రెండూ ఒకే విషయమని ఎక్కడా తేలదు.

పరిశ్రమలో పోటీని ఐదు వైపుల నుంచి చూసే ఫైవ్ ఫోర్సెస్‌లో ప్రత్యామ్నాయాల దగ్గర ఆగాల్సిందే: బైక్ ఉన్నాయన అదే డబ్బుతో సెకండ్ హ్యాండ్ మారుతి కొనుక్కోవచ్చు. గుజరాత్‌లో నానో కోసం కట్టిన సాణంద్ ప్లాంట్ కెపాసిటీ ఏడాదికి 2.5 లక్షల కార్లు, అమ్మకాలు ఏ ఏడాదీ లక్ష దాటలేదు, ఈ ఎవిడెన్స్ అక్కడే పెట్టండి. అప్పుడు "మార్కెటింగ్ పెంచాలి" లాంటి గాలి మాట కాకుండా, చవక అనడం ఆపి ఇంటికి మొదటి కొత్త కారుగా అమ్మాలి, చిన్న ఊళ్ళలో లోన్లు ఇప్పించాలి అని తేల్చి రాయొచ్చు.

2008లో భూమి గొడవతో బెంగాల్‌లోని సింగూరు ఫ్యాక్టరీ వదిలి రావడం మాత్రం ఇందులో ఇమడదు, దానికి స్వాటే నయం.