నురగ లేచే ట్యాంకుకు అల్ట్రాసోనిక్ సెన్సర్ కొంటున్నారా? కాస్త ఆగండి

మాది పాల డెయిరీ. వాడిన నీటిని శుద్ధి చేసే ఈటీపీలో మురుగునీళ్లు వచ్చి చేరే ట్యాంకుకు పోయినేడాది అల్ట్రాసోనిక్ లెవెల్ సెన్సర్ పెట్టించాను. రేడియో తరంగాలతో కొలిచే రాడార్‌కి వచ్చిన కొటేషన్ దానికి మూడింతలు. "మూడు మీటర్ల ట్యాంకుకు రాడార్ దండగ సార్" అన్నాడు అమ్మినాయన. నాకూ నిజమేననిపించింది. ట్యాంకులో నురగ వస్తుందా అని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

రాత్రి షిఫ్టులో పైపులు, ట్యాంకులు విప్పకుండానే కడిగే సీఐపీ అయ్యాక కాస్టిక్ నీళ్లు ఒక్కసారిగా వచ్చి పడతాయి. నురగ మోకాలెత్తు లేస్తుంది. సెన్సర్ పంపిన ధ్వని నీటికి తగిలి వెనక్కి వస్తేనే కదా కొలత? ఆ బుడగల్లోనే అది ఇంకిపోయింది. డిస్‌ప్లే మీద 1.90 మీటర్ల అంకె రెండు గంటలపాటు కదల్లేదు. నీళ్లు మాత్రం పొర్లి రోడ్డెక్కాయి. తర్వాత సెట్టింగులు తీసి చూస్తే, తిరిగొచ్చే ధ్వని, అంటే ఎకో, అందకపోతే పాత రీడింగే పట్టుకుని ఉండేలా "హోల్డ్"లో పెట్టి ఉంది. మీ సెన్సర్‌లో ఇది ఇవాళే చూసుకోండి. ఎకో పోతే సిగ్నల్ మామూలు హద్దు 20 దాటి 22 మిల్లీయాంప్స్‌కి వెళ్లేలా పెట్టి, ప్యానెల్లో దానికి అలారం కట్టించాలి. తెలియనప్పుడు తెలియదని చెప్పే సెన్సర్ కావాలి మనకు.

నురగే కారణమని సరిపెట్టుకున్నాను. పది రోజులకు పట్టపగలు, నురగ అసలు లేనప్పుడు మళ్లీ పొర్లింది. గడకర్ర దింపి చూస్తే నీళ్లు 2.80 మీటర్లున్నాయి, డిస్‌ప్లే 2.60 చూపిస్తోంది. సరిగ్గా 20 సెంటీమీటర్లు తేడా. దీని గుట్టు తెలియడానికి నాకు రెండు రోజులు పట్టింది.

గంట కొట్టాక కాసేపు మోగుతూనే ఉంటుంది చూడండి, ఈ సెన్సర్ కూడా అంతే. ధ్వని పంపాక ఆ అదురు తగ్గేవరకు దానికి ఏమీ వినబడదు. అందుకే ముఖానికి దగ్గరగా కొంత దూరం కొలవలేదు. అదే డెడ్ జోన్. మా మోడల్‌కి 25 సెంటీమీటర్లని మాన్యువల్లోనే ఉంది. సెన్సర్ ముఖం అడుగు నుంచి 3 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి, నీళ్లు 2.75 దాటితే గుడ్డిదే. మేమేమో రెండో పంపు 2.80 దగ్గర స్టార్ట్ అవ్వాలని పెట్టాం! అప్పుడు నీటికీ సెన్సర్‌కీ మధ్య దూరం 20 సెంటీమీటర్లు. మొదటి ఎకో దానికి వినబడదు. అదే ధ్వని పైన తగిలి మళ్లీ కిందికి వెళ్లి రెండోసారి వస్తే మాత్రం వింటుంది, 40 సెంటీమీటర్లని లెక్కేస్తుంది. అందుకే 2.60. నీళ్లు 2.85 దగ్గర ఓవర్‌ఫ్లో పైపు దాకా వచ్చినా అది 2.70 అనే అంటుంది. ఇక రెండో పంపు ఎలా తిరుగుతుంది?

సరే, సెన్సర్‌ని పైకి లేపుదామని 4 అంగుళాల పైపు ముక్క, 30 సెంటీమీటర్ల పొడుగుది, వెల్డింగ్ చేయించి దాని మీద బిగించాను. ఈ తప్పు పూర్తిగా నాదే. పైపు కింది అంచుకు తగిలిన ధ్వని 30 సెంటీమీటర్ల దూరం నుంచి తిరిగొచ్చింది. డెడ్ జోన్ దాటిన దూరం కదా, సెన్సర్ దాన్నే నీళ్లనుకుంది. ట్యాంకు ఎప్పుడూ నిండుగా 3.00 మీటర్లు! పంపులు ఖాళీ ట్యాంకులో తిరిగి, ఒకదాని మెకానికల్ సీల్ కాలిపోయింది. చివరికి మ్యాన్‌హోల్ మీద యాంగిల్‌తో స్టాండ్ చేయించి, చుట్టూ ఏ అడ్డూ లేకుండా, నీళ్లు పడే పైపుకు దూరంగా పెట్టాకే లెక్క కుదిరింది. నురగ మాత్రం అలాగే ఉంది.

రాడార్ పెడితే అన్నీ పోతాయా అంటే, అదీ కాదు. పలచటి పొడి నురగలోంచి రాడార్ చాలాసార్లు దాటుకుని నీటిని చూస్తుంది. 80 గిగాహెర్ట్జ్ కన్నా 26 గిగాహెర్ట్జ్‌ది ఇలాంటి నురగలో ఇంకొంచెం నయం. మా సీఐపీ నురగలా చిక్కగా, తడిగా ఉంటే అది కూడా నురగ పైభాగాన్నే చూపించవచ్చు, లేదా ఎకో పోగొట్టుకోవచ్చు. ట్రయల్‌కి తెచ్చిన రాడార్‌ని సీఐపీ నీళ్లు పడే వేళకే ట్యాంకు మీద పెట్టించి, ఎకో కర్వ్ స్క్రీన్ మీద చూడనిదే డబ్బు కట్టనన్నాను. పొద్దున పూట డెమో అయితే ఏదైనా బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఆ చిక్కటి నురగలో అదీ తడబడింది. అందుకని నీటి బరువును బట్టి ఎత్తు చెప్పే సబ్‌మర్సిబుల్ ప్రెషర్ ట్రాన్స్‌మిటర్ దింపాను. పైగా 2.70 దగ్గర విడిగా ఒక ఫ్లోట్ స్విచ్ కట్టించాను, పంపు స్టార్టర్‌కి నేరుగా.

దుమ్ము సంగతి వేరు, అక్కడ బేరమాడకుండా రాడారే కొనండి. మా బావమరిది రైస్ మిల్లులో తవుడు బిన్‌కి అల్ట్రాసోనిక్ పెట్టారు. బ్లోయర్ ఆగినప్పుడు బాగానే చూపించేది, తవుడు నింపుతున్నంతసేపూ ఎకో ఉండేది కాదు. అసలు లెవెల్ కావాల్సింది నింపేటప్పుడే కదా! గాల్లో ఎగిరే తవుడు రాడార్‌ని అంతగా ఇబ్బంది పెట్టదు, యాంటెన్నా మీద పేరుకుంటే మాత్రం తుడవాలి. తవుడు కుప్ప ఏటవాలుగా ఉంటుంది కాబట్టి సెన్సర్‌ని నిటారుగా కాకుండా కింది అవుట్‌లెట్ వైపు కాస్త వంచి బిగించారు.

అమ్మినాయన పాతది వాపస్ తీసుకోలేదు. "సెన్సర్ బాగానే ఉంది సార్, మీ అప్లికేషన్‌దే సమస్య" అన్నాడు. ఇప్పుడది మా మంచినీళ్ల ట్యాంకు మీద ఉంది, అక్కడ ఏ గొడవా లేదు.