పిల్లలు గ్యాంబ్లింగ్ యాప్‌లో డబ్బు పెట్టేశారు: రీఫండా, చార్జ్‌బ్యాకా?

"బ్యాంకుకి ఫోన్ చేసి, ఈ లావాదేవీ నేను చేయలేదని చెప్పేయనా?" ఈ మధ్య తల్లిదండ్రులు నన్ను పదేపదే అడుగుతున్న ప్రశ్న ఇది. ముందు స్టేట్‌మెంట్ తెరిచి, డబ్బు ఎవరి పేరు మీద పోయిందో చూడండి. అసలు విషయం అక్కడే తేలుతుంది.

GOOGLE* అనో APPLE.COM/BILL అనో ఉంటే, పిల్లాడు కొన్నది ఆట నాణేలు. నిజమైన డబ్బుతో ఆడించే యాప్‌లు డిపాజిట్లను స్టోర్ బిల్లింగ్ ద్వారా తీసుకోకూడదని రెండు స్టోర్ల నియమాలూ చెబుతాయి. ఇక్కడ స్టోర్ రీఫండే దారి. గూగుల్ ప్లేలో మొదటి 48 గంటల్లోనే అడిగితే మేలు.

జూదం కంపెనీ పేరే కనిపిస్తే స్టోర్ చేయగలిగింది ఏమీ లేదు. మిగిలేవి రెండే: కంపెనీ ఇచ్చే రీఫండ్, లేదా బ్యాంకు ద్వారా కార్డు చెల్లింపును వెనక్కి తెప్పించుకునే చార్జ్‌బ్యాక్.

ఒక ఉదాహరణ చూద్దాం. తండ్రి ఖాతాలో కార్డు సేవ్ అయి ఉంది. కొడుక్కి ఫోన్ పిన్ తెలుసు. ఒక సాయంత్రం నాలుగు డిపాజిట్లు చేశాడు, ఫోన్‌కి వచ్చిన ఓటీపీ కూడా వాడే కొట్టాడు. తండ్రి బ్యాంకుతో "ఎవరు చేశారో తెలియదు" అన్నాడనుకోండి. కంపెనీ లాగ్‌లు బయట పెడుతుంది: అదే ఫోన్, అదే ఇంటి ఇంటర్నెట్, సరైన ఓటీపీ. క్లెయిమ్ వీగిపోతుంది. ఆ తర్వాత "మా అబ్బాయే చేశాడు" అన్నా మాట చెల్లదు. ముందే నిజం చెప్పినా, ఇంట్లోవాళ్లు వాడారంటే దాన్ని మోసంగా లెక్కించని బ్యాంకులే ఎక్కువ.

అందుకే లైసెన్సున్న కంపెనీ అయితే నా ఓటు ముందు కంపెనీకే. మైనర్లతో ఆడించడం వాళ్ల లైసెన్సుకే ముప్పు, కాబట్టి ఆ ఫిర్యాదును తేలిగ్గా కొట్టిపారేయలేరు. ఖాతా మీ పేరున ఉంది కాబట్టి ఆడింది పెద్దవాళ్లేనని వాదిస్తారు. దానికి జవాబు ఆ వేళల్లో మీరు ఎక్కడున్నారో చూపే ఆధారమే: ఆఫీసు హాజరు, ప్రయాణ టికెట్, ఏదైనా సరే. దానితో పాటు ప్రతి డిపాజిట్ సమయం, పిల్లాడి వయసు రుజువు జతచేసి, ఖాతా మూసేసి డిపాజిట్లు వెనక్కి ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. పిల్లాడు ఏమైనా గెలిచి విత్‌డ్రా చేసి ఉంటే అది తగ్గించుకుంటారని అనుకోండి. స్క్రీన్‌షాట్లు తీసేదాకా యాప్ డిలీట్ చేయొద్దు. పోయింది రాబట్టుకుందామని ఆ ఖాతాలో మీరు ఒక్క పందెం కూడా కాయొద్దు. కాస్తే "పిల్లాడు ఆడాడు" అన్న మాటకి విలువ ఉండదు.

కంపెనీకి లైసెన్సు లేకపోయినా, జవాబివ్వకపోయినా చార్జ్‌బ్యాక్‌కి వెళ్లండి. ఇస్తామని రాసిచ్చి ఇవ్వకపోతే ఇంకా బలం: రీఫండ్ జమ కాలేదన్న కారణంతో డిస్ప్యూట్ వేయొచ్చు, ఎవరు ఆడారన్న గొడవే రాదు. కార్డు నెట్‌వర్క్‌ల గడువు చాలా కేసుల్లో 120 రోజులు. కంపెనీ ఉత్తరాలు నడుపుతూ కాలయాపన చేస్తుంటే ఆ తేదీ దాటనివ్వకండి. రీఫండ్, చార్జ్‌బ్యాక్ రెండూ ఒకేసారి నడపొద్దు, రెండూ ఆగిపోయే ప్రమాదం ఉంది.

బ్యాంకు ట్రాన్స్‌ఫర్‌తో కట్టి ఉంటే కార్డు చార్జ్‌బ్యాక్ వర్తించదు. కంపెనీనే పట్టుకోవాలి.