లోల్‌క్యాట్స్: పాత ఫోల్డర్ మళ్ళీ తెరిచాక

నా పాత హార్డ్‌డిస్క్‌లో ‘పిల్లులు’ అని ఒక ఫోల్డర్ ఉంది. 2007 చివర్లో మొదలుపెట్టి నాలుగేళ్లపాటు పోగేసిన లోల్‌క్యాట్ బొమ్మలు, అంటే పిల్లి ఫోటో మీద కావాలనే తప్పు ఇంగ్లీషులో మాట రాసిన ఇంటర్నెట్ జోకులు, మూడొందల దాకా ఉంటాయి. పోయిన నెల అన్నీ వరసగా చూశాను. సగానికి పైగా ఇప్పుడు నవ్వు రాలేదు. మిగతావి మాత్రం అప్పటికంటే బాగా అర్థమయ్యాయి.

మొదటిసారి చూసింది అందరూ చూసినదే. బొద్దుగా ఉన్న బూడిదరంగు పిల్లి, నోరు తెరిచి నవ్వుతున్నట్టు మొహం, దాని మీద ‘ఐ కెన్ హ్యాజ్ చీజ్‌బర్గర్?’ అన్న మాట. 2007 జనవరిలో హవాయిలో ఎరిక్ నకగావా, కారీ ఉనెబసామి అనే ఇద్దరు ఆ మాటే పేరుగా ఇలాంటి బొమ్మల సైట్ పెట్టారు. నేను తెలుగు మీడియం నుంచి వచ్చినవాణ్ణి. పక్క సీటువాళ్లు పడీపడీ నవ్వుతుంటే, అందులో తప్పు ఎక్కడుందో వెతుక్కుంటూ నేనూ నవ్వాను. లోపల మాత్రం టెన్షన్.

తప్పులు లెక్కపెడితే నాలుగు. ప్రశ్నలో ‘కెన్’ ముందు రావాలి, రాలేదు. ‘హ్యావ్’ ఉండాల్సిన చోట ‘హ్యాజ్’ ఉంది. బర్గర్ ముందు ‘ఎ’ లేదు. చీజ్ స్పెల్లింగ్‌లో ఎస్ బదులు జెడ్ పడింది. ఇన్ని ఉన్నా పిల్లికి ఏం కావాలో ఒక్క చూపులో తెలిసిపోతుంది. కిటుకు అక్కడే ఉంది. ‘నీకోసం బిస్కెట్ చేశాను, కానీ తినేశాను’ అని ఇంకో బొమ్మ ఉండేది. అందులో తినేశాను అనడానికి ‘ఈటెడ్’ అని రాశారు. జరిగిపోయిన పనికి చివర ‘ఎడ్’ తగిలించాలని నేర్చుకున్న పసివాడు అన్నింటికీ అదే తగిలిస్తాడు కదా, అదే తప్పు. అంటే పిల్లికి గ్రామర్ రాక కాదు, వచ్చిన కాస్త గ్రామర్‌ని మహా ధీమాగా వాడుతోంది.

ఇది తెలియక నేను చేసిన మొదటి బొమ్మ ఘోరంగా తన్నేసింది. ఆఫీసు మెట్ల మీద పడుకునే పిల్లిని ఫోటో తీసి, ప్రతి మాటా చిత్తం వచ్చినట్టు తప్పు రాశాను. ‘ఏంట్రా ఇది, పాస్‌వర్డా?’ అన్నాడు స్నేహితుడు. చదవడానికే కష్టపడాల్సి వస్తే ఇక నవ్వేదెప్పుడు?

అప్పట్లో ఇవి అంతలా ఏలడానికి పిల్లులొక్కటే కారణం కాదని నా అభిప్రాయం. మాటలు బొమ్మలోనే అచ్చయి ఉండేవి. ఈమెయిల్‌లో ఎవరు ఎవరికి పంపినా ముందూ వెనకా కథ చెప్పక్కర్లేదు. అక్షరాలకు వాడిన ఇంపాక్ట్ ఫాంట్ విండోస్‌తోనే వచ్చేది. నల్ల అంచు ఉన్న తెల్లటి లావు అక్షరాలు ఎలాంటి ఫోటో మీదైనా కనపడతాయి. పైగా ఫోటో ఎక్కించి మాట రాసుకునే సాధనం సైట్‌లోనే ఉండేది, నచ్చినవాటికి జనం ఓట్లు వేసేవాళ్లు. బొమ్మలు గీయడం రాని నాలాంటివాడు కూడా ఐదు నిమిషాల్లో జోకు తయారుచేయగలిగాడు. సైట్ పెట్టిన ఏడాదిలోనే బెన్ హు అనే వ్యాపారి బృందం దాన్ని సుమారు 20 లక్షల డాలర్లకు కొనుక్కుంది.

తెలుగులో చేద్దామని చాలాసార్లు చూశాను. కుదరలేదు. మన క్రియ చివర్లోనే మనిషి ఎవరో, మగో ఆడో ఉంటుంది. ‘నేను తిన్నాడు’ అని పిల్లి చేత అనిపిస్తే అది పిల్లిలా ఉండదు, తెలుగు నేర్చుకుంటున్న పొరుగు రాష్ట్రంవాణ్ణి వెక్కిరించినట్టు ఉంటుంది. ‘నాకు బువ్వ కావాయి’ అంటే ముద్దొస్తుంది గానీ ఆ ధీమా పోతుంది. యాస పెడితే ఇంకో గొడవ. చివరికి ఊరుకున్నాను.

లోపాలూ చెప్పాలి. ఒకే మూసలో వందల బొమ్మలు వచ్చాక తప్పు ఎక్కడ పడుతుందో ముందే తెలిసిపోయేది. 2009 తర్వాత దాచినవాటిలో చాలావరకు ఇలాంటివే. మళ్ళీమళ్ళీ సేవ్ చేసి పంపుకోవడంతో కొన్నింట్లో అక్షరాల చుట్టూ మురికి చేరింది. 2013లో షిబా అనే జపాన్ జాతి కుక్క బొమ్మ ఊపందుకుంది. అదీ తప్పు ఇంగ్లీషే, కానీ వాక్యం మొత్తం వదిలేసి రెండేసి మాటల రంగురంగుల ముక్కలు చల్లుతుంది. అది చూశాక పిల్లుల మాట పాతబడినట్టు అనిపించింది.

అయినా ఒక్కటి మాత్రం ఎన్నిసార్లు చూసినా నవ్వొస్తుంది. గాల్లోకి ఎగిరిన పిల్లి, ముందుకాళ్లు హ్యాండిల్ పట్టుకున్నట్టు ఉంటాయి. మాటలు రెండే: ‘ఇన్‌విజిబుల్ బైక్’. అందులో గ్రామర్ తప్పు ఒక్కటీ లేదు.