వంటింటి తాళమా, రోజు సూదా: ఏది మేలు?

మా బిడ్డకు ఐదేండ్లు, ప్రాడర్-విల్లీ సిండ్రోమ్. పుట్టినప్పుడు పాలు గుంజే బలం లేకుండె, ముక్కులకెళ్లి పైపు ఏసి తాపినం. ఇప్పుడేమో బువ్వ తిని చెయ్యి కడుగంగనే మళ్ల సకినాల డబ్బ కాడ ఉంటది. 15వ క్రోమోజోమ్‌ల తండ్రి దిక్కుకెళ్లి రావాల్సిన ముక్క పనిచేస్తలేదు, అందుకే కడుపు నిండిందన్న కబురు మెదడుకు సక్కగ అందదు, ఎత్తు కూడ పెరుగదు. మిథైలేషన్ టెస్టనే జన్యు పరీక్షతోటి తేలింది.

నల్గొండల మా బామ్మర్దిదొక మాట. "గ్రోత్ హార్మోన్‌తోటి ఆకలి తగ్గదంట గద బావా, మరి రోజు సూదెందుకు, వంటింటికి తాళమేస్తే సాలదా?" మా అమ్మది ఉల్ట, "సూది మొదలైంది గద, ఇంక తాళం తియ్యుర్రి, పసిపోరి" అంటది.

బామ్మర్ది చెప్పింది సగం నిజమే, ఆకలి తగ్గదు. కానీ తాళంతోటి బరువు ఆగుతది గని కండ రాదు. ఈ పిల్లలు సన్నగ కనవడ్డా ఒంట్ల కొవ్వే ఎక్కువ, కండ తక్కువ, సూది మార్చేది దాన్నే. ఎత్తు పెరుగుతది, కండ వడ్తది, మెట్లెక్కుడు అలకగైతది. మా బిడ్డ 98 సెంటీమీటర్లు, 18 కిలోలు, లెక్కేస్తే ఒంటి వైశాల్యం 0.7 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు రోజుకు 1 మిల్లీగ్రామ్ పూర్తి డోసు, అంటే 0.7, కానీ సగంతోటి, 0.35తోటి మొదలువెట్టిన్రు, హార్మోన్ ఎంత పనిచేస్తున్నదో చెప్పే ఐజీఎఫ్-1ను రక్తంల చూస్కుంట మెల్లగ పెంచుతున్నరు. రాత్రి పండుకునే ముందు తొడకు.

మరి అమ్మ మాట? అదైతే ప్రమాదమే. ఈ పిల్లలకు నొప్పి సక్కగ తెల్వదు, వాంతులు చానా తక్కువ, పండుగ నాడు ఎవ్వలు చూడకుండ అదుపు లేకుండ తింటే కడుపు పగిలి పానం పోయిన కేసులున్నయి. ఇంకోటి, బరువు బాగ పెరిగి ఊపిరి తీస్కునుడు కష్టమైతే సూదే ఇయ్యొద్దు, అందుకే మొదలువెట్టకముందే నిద్రల ఊపిరి ఎట్లున్నదో చూసే స్లీప్ స్టడీ చేసిన్రు, కొన్ని వారాలకు మళ్ల చేసిన్రు, ఎందుకంటే హార్మోన్‌తోటి టాన్సిల్స్ ఉబ్బొచ్చు. కొత్తగ గురక మొదలైతే సూది ఆపి డాక్టర్‌కు ఫోన్ చెయ్యాలె. షుగర్, వెన్నెముక వంకర కూడ చూస్కుంట ఉండాలె.

ఒక్కటే ఎంచుకోమంటే నేనైతే తాళమే అంట, ఎందుకంటే తాళం జారితే బరువు పెరుగుతది, బరువు పెరిగితే సూది కూడ ఆగిపోతది. సూది లేకున్నా తాళం పనిచేస్తది, తాళం లేకుంటే సూది ఎక్కువ దినాలు నిలువదు. మా ఇంట్ల రెండు నడుస్తున్నయి. సూది మందు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల సల్లదనంల ఉండాలె గావట్టి ఫ్రిజ్‌లనే పెట్టినం, ఆ ఫ్రిజ్‌కు తాళం, తాళంచెవి మా ఆవిడ మెడల.