‘జెన్యూన్’ తీసి ‘కళ్ళెదుటే’ పెట్టాను: షాపు పేరు మీద మూడేళ్ళ తర్వాత నా సమీక్ష

తిరుపతిలో ఎయిర్ బైపాస్ రోడ్డు దగ్గర మాది చిన్న షాపు, పాత ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు రిపేరు చేస్తాం, కొన్ని కొని బాగుచేసి అమ్ముతాం కూడా. 2022లో పేరు మార్చాను. కొత్తగా షాపు పెట్టేవాళ్ళు పేరు గురించి అడుగుతుంటారు కాబట్టి రెండు పేర్లూ వాడిచూసిన మనిషిగా రాస్తున్నాను.

మొదట దేవుడి పేరే అనుకున్నా. కానీ మా ఊళ్ళో బాలాజీ, శ్రీనివాస, పద్మావతి పేర్లతో ఏ వీధిలో చూసినా షాపులున్నాయి, ఒకరి కస్టమర్ ఇంకొకరి దగ్గరికి పోతాడు, మ్యాప్‌లో వెతికితే అన్నీ కలిసిపోయి వస్తాయి. అందుకని ‘జెన్యూన్’ అని పెట్టాను. నిజాయితీ వినబడుతుంది కదా అనుకున్నా, తప్పు అక్కడే జరిగింది.

ఒకాయన ఐఫోన్ 11 డిస్‌ప్లే పగిలి వచ్చాడు. కంపెనీది ఖరీదు ఎక్కువ, కాపీది తక్కువలో వస్తుంది అని నోటిమాటగా చెప్పి, ఆయన సరేనంటే కాపీదే వేశాను. రెండ్రోజులకు తిరిగొచ్చాడు. సెట్టింగ్స్‌లో About లోకి వెళ్తే డిస్‌ప్లే పక్కన Unknown Part అని చూపిస్తోంది. ఫోన్ నా ముందు పెట్టి, వేలితో బోర్డు చూపించి "మరి అదేంది?" అన్నాడు. నేను చెప్పిన మాట ఆయనకు గుర్తులేదు, బోర్డు మీద మాటే గుర్తుంది. ఆయన్ని తప్పుపట్టలేను. మా పనిలో కంపెనీ పార్టు, కాపీ పార్టు, వేరే ఫోన్ నుంచి తీసిన పార్టు మూడూ నడుస్తాయి, అలాంటి చోట ‘జెన్యూన్’, ‘ఒరిజినల్’ అనే మాట పేరులో ఉంటే ప్రతి కాపీ పార్టూ ఆ పేరుని అబద్ధం చేస్తుంది. ‘నమ్మకం’, ‘ట్రస్ట్’ లాంటివి అంత ప్రమాదం కాదు గానీ ఏమీ చెప్పవు, ఎవరైనా పెట్టుకోవచ్చు.

అప్పుడు ఆలోచించింది ఒకటే. మంచివాళ్ళమని చెప్పే పేరు కాకుండా, కస్టమర్ తనే సరిచూసుకోగలిగే పని ఒకటి చెప్పే పేరు కావాలి. ఫోన్ లోపలికి తీసుకెళ్తే మంచి పార్టు తీసేసుకుంటారేమో అన్నదే అందరి టెన్షన్. అందుకే ‘కళ్ళెదుటే’.

పేరు పెట్టిన నెలలోనే అది మమ్మల్ని పట్టుకుంది. మా కుర్రాడు అలవాటుగా ఒక ఫోన్ తీసుకుని వెనక గదిలోకి పోతుంటే చంద్రగిరి నుంచి వచ్చిన పెద్దాయన "ఏం నా, కళ్ళెదుటే అని బోర్డు పెట్టి లోపలికి ఎత్తకపోతా ఉండావే?" అన్నాడు. ఆ వారమే టేబుల్ ముందుకి జరిపి, మైక్రోస్కోప్‌కి ఒక మానిటర్ కలిపి కస్టమర్ వైపు తిప్పాను. అమ్మే ల్యాప్‌టాప్‌కి కూడా అంతే, బ్యాటరీ బాగుందని మేము చెప్పం, వాళ్ళ ముందే ఈ కమాండ్ కొడతాం:

```
powercfg /batteryreport
```

అది తయారుచేసే battery-report.html ఫైలు తెరిస్తే, తయారైనప్పుడు ఎంత పట్టేది (DESIGN CAPACITY), ఇప్పుడు నిండా ఎంత పడుతోంది (FULL CHARGE CAPACITY) రెండూ వాళ్ళే చదువుకుంటారు. మొదటిది 48,000, రెండోది 30,000 ఉంటే బ్యాటరీ ఐదింట మూడొంతులు కంటే కొంచెమే ఎక్కువ మిగిలిందని ఎవరికైనా అర్థమవుతుంది, ధర ఆ లెక్కన మాట్లాడుకుంటాం.

ఈ పేరుకి లోపాలు లేవని కాదు. నీళ్ళలో పడ్డ ఫోన్, మదర్‌బోర్డు పని అరగంటలో తేలవు, మనిషి కూర్చోలేడు. అలాంటివి ముందే చెప్పి, విప్పిన వెంటనే బోర్డు ఫోటో వాళ్ళ ఫోన్‌కే పంపి, తర్వాతే ఉంచుకుంటున్నాం. అది కూడా ఇష్టం లేనివాళ్ళు వెళ్ళిపోతారు, ఆ గిరాకీ పోయింది.

ఇంకొకటి నేను ఆలస్యంగా చూసుకున్నది. మొదట్లో స్కానర్ నా సొంత సేవింగ్స్ ఖాతాదే, స్కాన్ చేస్తే స్క్రీన్ మీద నా పేరొచ్చేది, బోర్డు మీద ఒక పేరు ఇక్కడ ఒక పేరు చూసి జనం ఒక్క క్షణం ఆగేవాళ్ళు. షాపు పేరుతో కరెంట్ ఖాతా తెరవడానికి బ్యాంకు ఆ పేరున్న కాగితాలు అడిగింది. ఉద్యమ్ సర్టిఫికెట్, మున్సిపల్ ట్రేడ్ లైసెన్స్ ఇచ్చాను. రెండింట్లో స్పెల్లింగ్ ఒక అక్షరం తేడా ఉందని వెనక్కి పంపారు. పేరు ఖాయం చేసిన రోజే ఇంగ్లీషు స్పెల్లింగ్ కూడా ఖాయం చేసి ఉంటే ఆ తిరుగుడు తప్పేది.

ఆ స్పెల్లింగే ఇప్పటికీ ఇబ్బంది. తెలుగువాళ్ళు కూడా ఒకరు Kalledute, ఒకరు Kalleduta అని కొడతారు, వెల్లూరు వైపు నుంచి వచ్చే తమిళం వాళ్ళకైతే నోరే తిరగదు. మ్యాప్‌లో పేరు పక్కన ‘బెస్ట్ మొబైల్ రిపేర్ తిరుపతి’ అని తగిలించమని కొందరన్నారు గానీ, బోర్డు మీద లేని మాటలు మ్యాప్ పేరులో పెట్టడం గూగుల్ నియమాలకు విరుద్ధం, లిస్టింగే ఆపేయొచ్చు. అందుకని బోర్డు మీదే తెలుగు కింద Kalledute అని పెద్దగా రాయించి, రసీదు మీద, స్కానర్ మీద అదే ఉంచాను. తమిళం వాళ్ళు మాత్రం ఇప్పటికీ మా షాపుని ‘టీవీ పెట్టిన కడై’ అనే అడుగుతుంటారట, పక్క టీ కొట్టాయన చెప్పాడు.