టీమ్స్‌లో ఒక్క విండో మాత్రమే షేర్ చేయడం: ఒంగోలు అకౌంట్స్ ఆఫీసులో కొన్నేళ్లు వాడాక

మేం ఒంగోలులో అకౌంట్స్ ఆఫీసు నడుపుతాం. చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైట్ ఫ్యాక్టరీల వాళ్లకు లెక్కలు రాసి, జీఎస్టీ రిటర్నులు వేస్తాం. మా క్లయింట్లు చాలామంది ఒకే సరుకు అమ్మేవాళ్లు, ఒకే కొనుగోలుదారుడి కోసం పోటీపడేవాళ్లు. ఒకరి గ్రానైట్ బ్లాకు రేటు ఇంకొకరి కంట పడకూడదు. అందుకే మైక్రోసాఫ్ట్ టీమ్స్ మీటింగులో మొత్తం స్క్రీన్ కాకుండా ఒక్క విండో మాత్రమే షేర్ చేయాలని మా ఆఫీసులో నియమం పెట్టుకున్నాం. కొన్నేళ్లుగా ఇలాగే చేస్తున్నాం కాబట్టి దీనివల్ల ఏది ఆగుతుందో, ఏది ఆగదో నమ్మకంగా చెప్పగలను.

ముందు ఆగేవి చెప్తాను. మీటింగులో Share నొక్కితే మొత్తం స్క్రీన్‌ కోసం Screen, ఒక్క కిటికీ కోసం Window కనిపిస్తాయి. Window తీసుకుంటే అప్పటికి తెరిచి ఉన్న విండోల బొమ్మలు వస్తాయి. మీకు కావలసినదాన్ని ఎంచుకోగానే దాని చుట్టూ ఎర్రగీత వస్తుంది. అవతలివాళ్లకు ఆ గీత లోపల ఉన్నది తప్ప ఇంకేమీ చేరదు. కుడివైపు కింద వాట్సాప్ మెసేజ్ వచ్చినా, అవుట్‌లుక్‌లో కొత్త మెయిల్ వచ్చినా, ఫోన్‌ను కంప్యూటర్‌కు కలిపి ఉంచితే బ్యాంకు ఓటీపీ పైకి లేచినా, అన్నీ మీకే కనిపిస్తాయి. ఆ నోటిఫికేషన్ షేర్ చేసిన విండో మీదుగా వచ్చినా టీమ్స్ దాన్ని పంపదు, ఎందుకంటే అది వేరే విండో. మొత్తం స్క్రీన్ షేర్ చేసినప్పుడు ఇవన్నీ అవతలికి వెళ్లిపోతాయి. పైగా మీటింగ్ రికార్డ్ అవుతుంటే ఆ రెండు సెకన్ల మెసేజ్ వీడియోలో కూడా ఉండిపోతుంది.

టీమ్స్ మెసేజ్‌ల గురించి అంత కంగారు అక్కర్లేదు. మీరు షేర్ చేస్తుండగా మీ స్టేటస్ Presenting అవుతుంది, ఆ సమయంలో టీమ్స్ తన సొంత నోటిఫికేషన్లను మామూలుగా ఆపేస్తుంది. వాట్సాప్, మెయిల్, బ్రౌజర్ సైట్ల నోటిఫికేషన్లు టీమ్స్ చేతిలో ఉండవు. విండో షేరింగ్ అసలు ఉపయోగం వాటి దగ్గరే.

ఇక ఆగనివాటి సంగతి. ఎర్రగీత బయట ఉన్నదాన్నే ఈ పద్ధతి దాస్తుంది. గీత లోపలికి వచ్చే ప్రైవేటు విషయాల బాధ్యత మనదే. మా పనిలో అలాంటి చోట్లు మూడు కనిపించాయి.

మొదటిది ఎక్సెల్ ఫైల్ మెనూ. మీటింగ్ మధ్యలో ఇంకో ఫైల్ తెరవడానికి File నొక్కితే ఈమధ్య తెరిచిన ఫైళ్ల జాబితా వస్తుంది. మా దగ్గర ఆ జాబితాలో ఉండేవి అన్నీ క్లయింట్ల పేర్లు, నెలల పేర్లు. అది ఎక్సెల్ విండోలోనే తెరుచుకుంటుంది కాబట్టి అందరికీ కనిపిస్తుంది. మేం ఎక్సెల్ ఆప్షన్లలో Advanced లోకి వెళ్లి, Display కింద ఉన్న Show this number of Recent Workbooks దగ్గర సున్నా పెట్టేశాం. దీంతో రోజూ పనిచేసేవాళ్లకు కొంచెం అసౌకర్యమే, ఫైలు కోసం ఫోల్డర్‌కు వెళ్లాలి. కానీ క్లయింట్ ముందు పక్కవాడి పేరు బయటపడటం కంటే ఈ అసౌకర్యమే నయం. ఫైళ్ల కిటికీ నేరుగా కావాలంటే Ctrl+F12 నొక్కితే సరిపోతుంది, ఆ జాబితా జోలికి పోనక్కర్లేదు.

రెండోది మేం లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్. ఒకేసారి రెండు మూడు కంపెనీలు తెరిచి ఉంటే వాటి పేర్లు ఎడమవైపు కనిపిస్తూనే ఉంటాయి. F3 నొక్కితే కంపెనీల జాబితా కూడా వస్తుంది. మీటింగుకు ముందే మిగతావన్నీ మూసేసి ఆ ఒక్క క్లయింట్ కంపెనీ మాత్రమే తెరిచి ఉంచాలి.

మూడోది బ్రౌజర్, అన్నిటికంటే ఇదే ఎక్కువ ప్రమాదం. బ్రౌజర్ విండో షేర్ చేస్తే అందులోని ట్యాబులన్నీ షేర్ అయినట్టే. వాట్సాప్ వెబ్ ట్యాబు పేరు పక్కన మెసేజ్‌ల సంఖ్య మారుతుంటుంది, మెయిల్ ట్యాబులో ఇన్‌బాక్స్ సంఖ్య కనిపిస్తుంది. పొరపాటున ఆ ట్యాబు నొక్కితే మొత్తం తెరుచుకుంటుంది. జీఎస్టీ పోర్టల్‌లో ఇంకో చిక్కు ఉంది. లాగిన్ గడిలో మౌస్ పెట్టగానే బ్రౌజర్ గుర్తుపెట్టుకున్న యూజర్‌నేములన్నీ వరుసగా దిగుతాయి, వాటిలో చాలావరకు కంపెనీల పేర్లతోనే ఉంటాయి. కాబట్టి పోర్టల్ చూపించాల్సి వస్తే లాగిన్ పూర్తిచేశాకే షేర్ చేస్తాం. చూపించాల్సిన ట్యాబును పట్టుకుని కిందికి లాగి విడి విండోగా చేసి, ఆ విండోనే ఎంచుకుంటాం. మా జూనియర్ అమ్మాయికి వచ్చిన మొదటి వారంలోనే ఈ అలవాటు చేయించాను.

ఒక మామూలు మీటింగ్ ఎలా సాగుతుందో చెప్తాను. నెలనెలా రిటర్ను వేసే క్లయింట్‌కు, అమ్మినవాళ్లు చూపించిన బిల్లుల జాబితా అయిన జీఎస్టీఆర్-2బి 14వ తేదీన సిద్ధమవుతుంది, 20వ తేదీలోపు పన్ను లెక్క చూపే 3బి రిటర్ను వేయాలి. ఈ మధ్య ఉన్న రోజుల్లో క్లయింట్ కొనుగోళ్ల రిజిస్టరు, 2బి సరిపోల్చి చూపిస్తాం. ఉదాహరణకు రాయి కోసే బ్లేడ్లు 1,80,000 రూపాయలకు కొన్నారు, 18 శాతం పన్ను 32,400. రిజిస్టరులో ఆ బిల్లు ఉంది, 2బిలో లేదు. అమ్మినవాడు తన అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1లో ఇంకా చూపించలేదన్నమాట. ఈ నెల ఆ 32,400 క్రెడిట్ తీసుకోవడానికి, అంటే కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడానికి లేదని క్లయింట్‌కు కళ్లతో చూపించి చెప్పాలి.

మొదట్లో ఇక్కడే ఇబ్బంది వచ్చేది. రిజిస్టరు ఒక ఎక్సెల్ ఫైలు, 2బి ఇంకో ఎక్సెల్ ఫైలు. ఎక్సెల్‌లో ఒక్కో వర్క్‌బుక్ ఒక్కో విండో కాబట్టి ఒకటి షేర్ చేస్తే రెండోది అవతలికి కనిపించదు. మనం రెండో ఫైల్‌కు మారి మాట్లాడుతుంటే వాళ్లు మాత్రం మొదటి దాన్నే చూస్తుంటారు. "మేడమ్, ఏ లైనో చెప్తున్నారు గానీ ఇక్కడ కనపడట్లేదు" అని అడుగుతారు. షేరింగ్ ఆపి, మళ్లీ విండో ఎంచుకుని, మళ్లీ వెనక్కి రావడం చిరాకు. ఇప్పుడు పోర్టల్ నుంచి దింపిన 2బిలో బిల్లులు ఉండే B2B షీటును ముందుగానే రిజిస్టరు ఉన్న వర్క్‌బుక్‌లోకి కాపీ చేసి పెడతాం. పక్క షీట్‌లో తేడా వచ్చిన బిల్లులు మాత్రమే ఉంటాయి. ఒక్క విండో, మూడు షీట్లు. మీటింగ్ అంతా అదే ఎర్రగీతలో నడుస్తుంది. విండో షేరింగ్‌తో ఇబ్బంది పడేవాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఇదే: చూపించాల్సినవన్నీ ఒకే కిటికీలోకి తెచ్చుకోండి.

దీనివల్ల నేను ఊహించని లాభం ఇంకొకటి కలిగింది. మా క్లయింట్లు క్వారీలోనో, ఫ్యాక్టరీ యార్డులోనో ఫోన్‌లో చూస్తారు. మొత్తం స్క్రీన్ పంపితే ఆ చిన్న ఫోన్‌లో అక్షరాలు చీమల్లా ఉంటాయి. విండోను మాత్రం నా వైపు వెడల్పు తగ్గించి, ఎక్సెల్ జూమ్ పెంచుతాను. ఆ విండోయే వాళ్ల ఫోన్ నిండుగా వస్తుంది కాబట్టి అంకెలు పెద్దగా కనిపిస్తాయి. "ఇప్పుడు బాగా తెలుస్తుందమ్మా" అని ఒక పెద్దాయన అన్నప్పటి నుంచి నేను ఎక్సెల్‌ను పూర్తి తెరలో పెట్టడం మానేశాను.

లోపాలూ ఉన్నాయి. షేర్ చేసిన విండోను మినిమైజ్ చేస్తే అవతల చిత్రం కదలడం ఆగిపోతుంది. టాస్క్‌బార్‌లో అదే గుర్తును ఇంకోసారి నొక్కినా ఇదే జరుగుతుంది. వేరే విండో చూసుకోవాలంటే Alt+Tab వాడండి, షేర్ చేసిన విండోను కిందికి దించకండి. రెండో లోపం, కొన్ని చిన్న పెట్టెలు, కుడి క్లిక్ మెనూలు, ఫిల్టర్ జాబితాలు ఒక్కోసారి అవతలివాళ్లకు చేరవు. సాంకేతికంగా అవి విడి విండోలుగా తెరుచుకోవడమే కారణం. ఫిల్టర్ ఎలా పెట్టాలో నేర్పించే మీటింగైతే ఇది పెద్ద అడ్డంకి. అలాంటప్పుడు ఖాళీ కంప్యూటర్ లాగిన్ ఒకటి వాడి, అందులో మొత్తం స్క్రీన్ షేర్ చేస్తాం. ఆ లాగిన్‌లో వాట్సాప్ లేదు, మెయిల్ లేదు.

శబ్దం సంగతి చాలామంది మర్చిపోతారు. షేర్ చేసే చోట Include sound అని ఒక మీట ఉంటుంది. అది ఆన్ చేస్తే ఆ ఒక్క విండో శబ్దమే కాదు, కంప్యూటర్ శబ్దం అంతా వెళ్తుంది. మెసేజ్ కనపడదు గానీ టింగ్ అని వినిపిస్తుంది. వీడియో చూపించే అవసరం లేకపోతే దాన్ని ఆపే ఉంచండి.

ఇంకా ముఖ్యమైనది ప్రొజెక్టర్. విండో షేరింగ్ కాపాడేది కాల్‌లో ఉన్నవాళ్ల నుంచే. ఒకసారి భాగస్వాములందరూ ఒక ఆఫీసు హాలులో కూర్చుని, ల్యాప్‌టాప్‌ను గోడ టీవీకి కలిపి, విశాఖలో ఉన్న ఇంకో భాగస్వామికి టీమ్స్‌లో షేర్ చేశారు. విశాఖ ఆయనకు ఎక్సెల్ మాత్రమే కనిపించింది. హాలులో ఉన్నవాళ్లకు మాత్రం ల్యాప్‌టాప్ యజమానికి వచ్చిన మెసేజ్‌లన్నీ పెద్ద టీవీ మీద కనిపించాయి. కేబుల్ మొత్తం తెరను ఉన్నదున్నట్టు చూపిస్తుంది, దానికి టీమ్స్ ఎర్రగీతతో సంబంధం లేదు. ఇలాంటప్పుడు Windows+P నొక్కి Extend ఎంచుకుంటే టీవీ రెండో తెర అవుతుంది. ఎక్సెల్ విండోను అటు లాగి, మెయిన్ డిస్‌ప్లే ల్యాప్‌టాప్‌గానే ఉంచితే నోటిఫికేషన్లు ల్యాప్‌టాప్ మీదే వస్తాయి. అదీ కుదరకపోతే Windows+N నొక్కి అక్కడ డు నాట్ డిస్టర్బ్ ఆన్ చేయాలి.

అవతలివాళ్లకు ఏం కనిపిస్తుందో అనుమానం ఉంటే ఒక తేలిక పరీక్ష ఉంది. అదే మీటింగులోకి మీ ఫోన్ నుంచి కూడా చేరండి. Add this device అని అడుగుతుంది, ఒప్పుకుని ఫోన్ మైకు, స్పీకరు ఆపేయండి. ఇప్పుడు కంప్యూటర్‌లో విండో షేర్ చేసి, ఎవరితోనైనా మీకు వాట్సాప్ మెసేజ్ పెట్టించండి. ఫోన్‌లో టీమ్స్ చిత్రం చూస్తే నిజం తెలిసిపోతుంది. క్లయింట్ పిలవకముందే మా జూనియర్లందరితో ఇది చేయిస్తాం.

ఫోన్ నుంచి షేర్ చేసేవాళ్లకు మాత్రం ఈ ధైర్యం ఉండదు. మా ఆఫీసు ఫోన్లలో టీమ్స్ యాప్ నుంచి స్క్రీన్ షేర్ చేస్తే తెర మీద వచ్చినవన్నీ వెళ్తాయి, నోటిఫికేషన్లతో సహా. అలా చేయాల్సివస్తే ముందు ఫోన్‌లో డు నాట్ డిస్టర్బ్ పెట్టి, మెసేజ్‌లు తెర మీదకు రావడం లేదని చూసుకున్నాకే షేర్ నొక్కండి. లెక్కలు చూపించే మీటింగులకు మాత్రం నేను కంప్యూటర్ దగ్గరే కూర్చుంటాను.