స్లయిడ్ల నుంచి ఒక పేజీ ఇన్ఫోగ్రాఫిక్: పవర్‌పాయింట్‌లోనా, కాన్వాలోనా?

రక్తహీనత మీద క్లాసు ప్రాజెక్టుకి పన్నెండు స్లయిడ్లున్నాయనుకుందాం. పేజీకి ఎక్కాల్సింది ఒక్క మాటే: జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత 2015–16లో 53.1 శాతం, 2019–21లో 57 శాతం. ఐదేళ్లలోపు పిల్లల్లో 58.6 నుంచి 67.1కి చేరింది. మిగతా టేబుళ్లు రిపోర్టులోనే ఉండనివ్వండి.

శ్రమ: పవర్‌పాయింట్‌లో కొత్త ఫైల్ తెరిచి, Slide Size ని A4, Portrait చేస్తే చాలు. చార్టు కాపీ చేస్తే అంకెలు దానితోపాటే వస్తాయి. కాన్వాలో చార్టు మళ్లీ గీయాలి, అంకెలు మళ్లీ ఎక్కించాలి.

రూపం: ఇక్కడ కాన్వాదే పైచేయి. ఐకాన్లు, రంగులు సిద్ధంగా ఉంటాయి. ఖర్చు ఉచిత ఖాతాతో సరిపోతుంది, కాకపోతే నచ్చిన బొమ్మే డబ్బులడుగుతుంది!

రిస్క్: కాన్వాలో అంకెలు చేత్తో కొడితే 67.1 కాస్తా 61.7 అయినా ఎవరూ గమనించరు. పవర్‌పాయింట్‌ది వేరే తంటా. 53.1, 57 లాంటి దగ్గరి అంకెలిస్తే అక్షాన్ని తనంతట తానే సున్నా నుంచి కాక పైనుంచి మొదలుపెడుతుంది. 50 దగ్గర మొదలైతే రెండో కడ్డీ మొదటిదానికి రెట్టింపు పైనే కనిపిస్తుంది, మార్కులు పోయేది అక్కడే. Format Axis లో Minimum ని 0 చేయండి.

అంకెలు ఇంకా మారేలా ఉంటే, చార్టులు రెండు మూడుంటే పవర్‌పాయింట్. అంకెలు ఖరారై, గ్రామసభలో గోడకు అంటించే పోస్టరైతే కాన్వా. అప్పుడు కూడా చార్టు వదిలేసి “వందమంది మహిళల్లో 57 మంది” అని పెద్దక్షరాల్లో రాయడమే నయం.